లోపలికి వెళ్లే ముందు మూడు నిమిషాలు

మార్చి 3, సోమవారం

మేనేజరు ఈ రోజు నన్ను తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు. పదహారేళ్ల ఉద్యోగంలో ఆయన నాకు కుర్చీ చూపించడం ఇది రెండోసారి. మొదటిసారి మా మామగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు. అందుకని కూర్చోకముందే ఇంట్లో ఎవరికేమైందని అడిగాను.

బల్ల మీద సందర్శకుల అభిప్రాయాల పుస్తకం తెరిచి ఉంది. "చదవండి మేడమ్" అన్నాడు.

"మందిరం అద్భుతం. ఎనిమిది వందల ఏళ్ల నాటి రంగులు ఇంకా మెరుస్తున్నాయి. కానీ లోపలికి వెళ్లే ముందు గైడు మమ్మల్ని ఎండలో నిలబెట్టి పదకొండు నిమిషాలు చీవాట్లు పెట్టింది. అప్పటికి మేమింకా ఏ తప్పూ చేయలేదు."

సంతకం లేదు. సంతకం పెట్టే ధైర్యం లేనివాళ్ల మాటకు విలువేమిటని అడిగాను. రెండు నెలల్లో ఇలాంటిది నాలుగోదన్నాడు. పైగా నిన్న నేను మాట్లాడుతుంటే స్తంభం వెనక నుంచి ఫోనులో రికార్డు చేశాడట. ఇద్దరం కూర్చుని విన్నాం. "కూడదు" అనే మాట ఇరవై మూడుసార్లు వచ్చిందన్నాడు. ఇరవై రెండే. ఒకచోట నేను "కూడదని కాదు" అన్నాను, దాన్ని కూడా లెక్కలో వేసేశాడు.

సంగతేమిటంటే, ఈ నెలలో మందిరం ట్రస్టు సభ్యుల్లో ఒకరు మామూలు టూరిస్టులాగా ఏదో ఒక బృందంలో కలిసి వస్తారట. ఎవరో, ఏ రోజో చెప్పరు. ఆలోగా నా స్వాగతం మాటలు మార్చుకోకపోతే నన్ను చెప్పుల స్టాండుకు మారుస్తారు.

నేను చీవాట్లు పెట్టను. ఉన్నమాట చెబుతాను. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య తన గదిలో తలుపు వేసుకుని ఉంది. మరిదికి వేరే ఊరికి బదిలీ అయ్యాక, పదిహేను రోజుల నుంచి ఆవిడ మా దగ్గరే ఉంటోంది. వంటగది కొళాయి చుక్కచుక్కా కారుతోంది. గోడకు అంటించిన కాగితంలో నాలుగో నంబరు అదే, కొళాయి గట్టిగా కట్టేయాలని. తలుపు దగ్గర నిలబడి మళ్లీ ఒకసారి చదివి వినిపించాను. ఆవిడకు కొత్త ఇల్లు కదా, సౌకర్యం కోసమే రాసి పెట్టాను.

మార్చి 4, మంగళవారం

చెప్పుల స్టాండు దగ్గర ఫ్యాను కూడా లేదు.

మార్చి 6, గురువారం

ఈ రోజు ఒక పెద్దమనిషి బూట్లు విప్పనన్నాడు. తళతళలాడే బూట్లు, ఇస్త్రీ చేసిన ప్యాంటు. మందిరంలో బూట్లు ఎందుకు విప్పాలో మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. నేల రాయి మెత్తనిది, మడమ కింద ఇసుక పడితే గీతలు పడుతుంది, పైగా లోపల జనం మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. అన్నీ చెప్పాను. బృందమంతా చుట్టూ నిలబడి ఆయన వైపే చూస్తున్నారు.

"నేను ఇక్కడే ఉంటాలెండి" అన్నాడు.

"ఇంత దూరం వచ్చి బూట్ల కోసం ఆగిపోతారా సార్?" అని నలుగురికీ వినబడేలా అడిగాను. ఆయన మొహం కందగడ్డలా అయింది. తిరిగి వెళ్లి బస్సులో కూర్చున్నాడు.

పొగరు. కొందరంతే.

మార్చి 7, శుక్రవారం

పొగరు కాదు, చిల్లు.

టికెట్లిచ్చే ఆయన మధ్యాహ్నం టీ తాగుతూ చెప్పాడు. ఆ పెద్దమనిషి తిరిగి వెళ్తూ కౌంటరు దగ్గర ఆగి బూటు కొంచెం లాగి చూపించాడట. మేజోడుకి చిల్లు, రెండు వేళ్లు బయటికి. బృందంలో ఆయన కొత్త అల్లుడు కూడా ఉన్నాడట, అందుకే విప్పలేకపోయాడు. "ఆ చిల్లు చూపించి నవ్వబోయాడమ్మా, పాపం నవ్వు రాలేదు" అన్నాడు.

"నాకు చెవిలో చెప్పొచ్చుగా" అన్నాను.

"మీకా?" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే చివరికి బయటపెట్టాడు. ఇక్కడ అందరూ నన్ను వెనకాల "హెడ్‌మాస్టరమ్మ" అంటారట. ఎనిమిదేళ్ల నుంచీ. ఆ మాట ఒకటి రెండుసార్లు నా చెవిన పడింది కూడా. గౌరవంగా అనుకున్నాను.

సాయంత్రం చెప్పుల స్టాండు దగ్గర ఒక బుట్ట పెట్టించాను. అందులో ఉతికిన నూలు మేజోళ్లు. కావలసినవాళ్లు ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చు, వెళ్లేటప్పుడు అందులోనే వేసేయొచ్చు. ఇది మేనేజరుకు భయపడి చేసింది కాదు.

మార్చి 9, ఆదివారం

ముందు గదిలో రిహార్సలు వేశాను. టూరిస్టులు ఇద్దరు. ఒకరు మా ఆయన, రెండోవారు అత్తయ్య. ఇద్దరినీ తలుపు బయట నిలబెట్టి మొదలుపెట్టాను.

"చెప్పులు ఇక్కడ విప్పండి" అన్నాను. మా ఆయన విప్పాడు. అత్తయ్య విప్పలేదు.

"అత్తయ్యా, విప్పాలి."

"నేను టూరిస్టుని కదే. నాకు మోకాళ్లు పట్టేశాయి. వంగలేను. కూర్చోడానికి ఏదీ?"

"అక్కడ కూర్చోడానికి ఏమీ లేదు."

"అయితే నేను విప్పను."

మా ఆయన పకపకా నవ్వాడు. మందిరం గుమ్మం ముందు ముసలివాళ్లు చెప్పులతో ఎందుకు పేచీ పెడతారో పదహారేళ్లలో నాకు తట్టలేదు. అక్కడ బెంచీ లేదు, అంతే సంగతి.

మా ఆయన లిఫ్టు మెకానిక్. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఈ రోజు కోటా దాటిపోయాడు. "లిఫ్టులో నలుగురి కంటే ఎక్కువ ఎక్కరాదు అని రాస్తామా, ఆరుగురు ఎక్కుతారు. ఐదో మనిషి ఎక్కితే తలుపు పడదు అని రాసి చూడు, నలుగురే ఎక్కుతారు."

"నేను కారణాలు చెబుతూనే ఉన్నాగా?"

"చెబుతావ్. ఎదురు తిరిగాక చెబుతావ్."

అత్తయ్య అప్పటికే గదిలోకి వెళ్లిపోయింది. కాసేపు ఉంటే బాగుండేది. నవ్వుతున్నంతసేపూ బాగానే ఉంది.

మార్చి 11, మంగళవారం

బెంచీ వచ్చింది. గోదాములో మూలన పడేసిన పాతది, ఒక కాలు కుంటి. కింద పలక పెట్టాం.

పొద్దున బృందానికి కొత్త పద్ధతిలో నవ్వుతూ స్వాగతం చెప్పాను. ఆపకుండా నవ్వాను. ఒకావిడ పక్కనున్నామెతో "ఏదో అమ్మేలా ఉంది, జాగ్రత్త" అంది.

లోపల దీపాలు చూసుకునే పెద్దాయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆయన నలభై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. వత్తులు కత్తిరిస్తూ అన్నాడు, "ఇక్కడికొచ్చేవాళ్లలో తప్పు చేద్దామని వచ్చేవాడు నాకింతవరకూ తగల్లేదమ్మా. గుమ్మంలో అడుగు పెట్టగానే బిక్కమొహం వేస్తారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. తెలీక గోడకి ఆనిస్తారు. చేతులకి ఏదైనా పని చెప్పు."

నేను గోడలు ముట్టుకోకూడదని చెబుతున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎప్పుడూ చెప్పలేదు.

మార్చి 14, శుక్రవారం

ట్రస్టు మనిషి దొరికిపోయాడు! సన్నగా పొడుగ్గా, కళ్లజోడు, చేతిలో నోటుబుక్కు. నేను నోరు విప్పినప్పుడల్లా రాసుకుంటున్నాడు. నీడలో నిలబెట్టాను, మంచినీళ్లు ఇప్పించాను, గోడ బొమ్మల దగ్గర అందరికంటే ముందు నిలబడేలా చూశాను. నీలం రంగు ఏ రాయిని నూరి తీశారో, ఎర్రరంగు ఏ మట్టి నుంచి వచ్చిందో అడిగాడు. అరగంట చెప్పాను. మిగతా పదకొండు మంది స్తంభాలకు జేరబడి ఆవలించారు.

చివర్లో చేయి కలిపి తన కార్డు ఇచ్చాడు. పెయింట్ల దుకాణం. కొత్త రంగులకు పేర్లు వెతుక్కుంటున్నాడట.

మార్చి 15, శనివారం

వచ్చే ఆదివారం చిన్నకొడుకు దగ్గరికి వెళ్లిపోతానంది అత్తయ్య. ఎందుకని అడిగితే "ఊరికే" అంది. మా ఆయన నా వైపు చూశాడు.

నా వైపు చూడటం దేనికి? వేళకు అన్నీ అమరుస్తున్నాను. గోడ మీద కాగితంలో పన్నెండే ఉన్నాయి. గీజరు పాతది, షాకు కొడుతుందేమోనని "స్విచ్చు వేసే ముందు నాకు ఫోన్ చేయండి" అని ఏడో నంబరు రాశాను. నేను ఏ బృందంతో ఉన్నా వినబడాలని ఆవిడ నంబరుకు అగ్నిమాపక బండి మోత పెట్టుకున్నాను. ఒక్కసారి కూడా చేయలేదు. అంటే ఏ ఇబ్బందీ లేనట్టే కదా.

ఎందుకు వెళ్తానంటోందో నాకైతే బోధపడటం లేదు.

మార్చి 17, సోమవారం

కుదిరింది. మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలి.

ముందు చోటు. ఇన్నాళ్లూ నేను నీడలో నిలబడి వాళ్లను ఎండలో నిలబెట్టేదాన్ని. ఈ రోజు నేను ఎండకు ఎదురుగా నిలబడ్డాను, వాళ్లను ప్రహరీ నీడలో అర్ధచంద్రంలా నిలబెట్టాను. వెనకబడినవాళ్లు వచ్చేదాకా మొదలుపెట్టలేదు. అందరికంటే వెనకున్న మనిషిని చూసి మాట్లాడాను.

ఆ తరవాత మాటలు. ఇంచుమించు ఇవే:

"రండి, నమస్కారం. చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు. మనం లోపల నలభై నిమిషాలు ఉంటాం. లోపల మరుగుదొడ్డి లేదు, అదిగో ఆ పచ్చ తలుపు, తొందరేం లేదు, వెళ్లి రండి, ఆగుతాం. నీళ్ల కుండ దాని పక్కనే ఉంది.

ఈ మందిరం మ్యూజియం కాదు, ఇప్పటికీ జనం వచ్చే చోటు. లోపల మనకి ఒకరిద్దరు కనబడొచ్చు. మనం చూడ్డానికొచ్చాం, వాళ్లు ఏదో అడుక్కోడానికో, దేనికో కృతజ్ఞత చెప్పుకోడానికో వచ్చుంటారు. వాళ్ల ముందు నుంచి కాకుండా వెనక నుంచి తిరిగితే మనకీ బొమ్మలు బాగా కనబడతాయి.

చెప్పులు ఇక్కడ విడుద్దాం. కూర్చుని విప్పుకోడానికి బెంచీ ఉంది, మేజోళ్లు కావాలంటే బుట్టలో ఉన్నాయి. భుజాలు కప్పుకోడానికి ఉతికిన శాలువాలు ఈ కొయ్యకి ఉన్నాయి, లోపల చల్లగా ఉంటుంది, నేనూ ఒకటి వేసుకుంటా. సంచులు ముందుకి తిప్పుకుందాం. నడవా రెండు మూరలే, పక్కకి తిరిగితే వీపు సంచి బొమ్మలకి గీసుకుంటుంది. ఫోన్లు ఇప్పుడే నిద్రపుచ్చుదాం, ఇదిగో నాది కూడా. ఫొటోలు ముందు మంటపంలో ఎన్నైనా తీసుకోండి, పొద్దుటి వెలుగు అక్కడే బాగుంటుంది. లోపలి గదిలో మాత్రం కళ్లతోనే. ఫ్లాషు పడితే రంగు పాలిపోతుంది.

ఎవరికైనా లోపలికి రావాలనిపించకపోతే ఈ నీడలో హాయిగా కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్ మాట్లాడాలన్నా, ఊపిరాడకపోయినా ఎడమ పక్క చిన్న తలుపుంది, అక్కడ నుంచి బయటికి రావచ్చు. ఏమైనా అడగాలా?"

మూడు నిమిషాలు. మేజోళ్లు బుట్టలోంచి మూడు జతలు మాయమయ్యాయి. ఎవరు తీసుకున్నారో నేను చూడలేదు. అసలు కిటుకు చూడకపోవడంలోనే ఉంది.

చేతుల సంగతి లోపలికి వెళ్లాక చెప్పాను, బొమ్మల ఎదురుగా నిలబడ్డాక. "చేతులు ఇలా వెనక్కి కట్టుకుని, మెడ ముందుకి పెట్టి చూడండి, నెమలి కంట్లో చిత్రకారుడు తన బొమ్మ వేసుకున్నాడు" అన్నాను. పదిమందీ చేతులు వెనక్కి కట్టుకున్నారు. ముట్టుకోవద్దన్న మాటే రాలేదు. ఒకాయన మరిచిపోయి చేయి చాపబోతే పక్కకి వెళ్లి, చెవిలో, "మన చేతి జిడ్డు వాటికి పడదండీ" అన్నాను. ఆయన నవ్వి వెనక్కి జరిగాడు.

"కూడదు" సున్నా. మేనేజరు స్తంభం వెనక లేడు. ఉండాల్సినప్పుడు ఉండడు.

మార్చి 19, బుధవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పద్నాలుగు మంది. అందులో ఒక ముసలాయన పచ్చ తలుపు దగ్గరికి వెళ్లి వచ్చాడు, చెప్పులు విప్పాక మళ్లీ వెళ్తానన్నాడు. ఆగాం. ఆయన మళ్లీ చెప్పులు తొడుక్కోవడం, విప్పడం, బెంచీ కుంటి కాలు కింది పలక జారిపోవడం, నేను వంగి సర్దడం, ఈ గొడవలో ఫోన్లు నిద్రపుచ్చే మాట దగ్గర వాళ్లంతా తమవి నొక్కారు. నేను నొక్కలేదు.

లోపలి గదిలో ఒకామె ఒంటరిగా కూర్చుని ఉంది. తల వంచుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది. భుజాలు కదలడం చూసి తెలిసింది. నేను చేయెత్తి బృందాన్ని ఆపుదామని వెనక్కి తిరిగాను. వాళ్లు అప్పటికే ఆగిపోయి ఉన్నారు. పద్నాలుగు మందీ గడప ఇవతలే, చేతులు వెనక్కి కట్టుకుని, ఒకరి వెనక ఒకరు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పదహారేళ్లలో అలాంటి నిశ్శబ్దం నేను వినలేదు.

అప్పుడు అగ్నిమాపక బండి వచ్చింది.

రాతి గదిలో ఆ మోత ఎలా ఉంటుందో రాయలేను. దీపాల పెద్దాయన చేతిలోంచి కత్తెర జారిపడింది. ముసలాయన "మంటలా? ఎక్కడ?" అన్నాడు. నేను సంచిలో చేయి పెట్టాను. తాళాలు దొరికాయి, దువ్వెన దొరికింది, మాత్రలు దొరికాయి, ఫోను మాత్రం దొరకలేదు. ఏడుస్తున్నామె ఉలిక్కిపడి తిరిగి చూసింది.

అప్పుడు బృందంలోంచి ఒక పొడుగాటి ఆవిడ మెల్లగా వచ్చి నా మోచేయి పట్టుకుంది. చెవిలో, "కంగారు పడకండి. ఎడమ పక్క చిన్న తలుపు ఉందన్నారుగా, అక్కడ మాట్లాడుకోవచ్చు. మేం ఆగుతాం" అంది. ఎంత మెత్తగా అందంటే, నాకు అవమానం అనిపించలేదు. ఏం చేయాలో తెలిసింది, అంతే. వెళ్తుంటే ఏడుస్తున్నామె కళ్లు తుడుచుకుంటూ చిన్నగా నవ్వడం కనబడింది.

బయటికి వచ్చి ఫోనెత్తాను.

"అమ్మాయ్, గీజరు వేసుకోనా?" అంది అత్తయ్య.

నాకు అరవాలనిపించింది. "ఇప్పుడా అత్తయ్యా? ఇన్నాళ్లూ ఎప్పుడూ అడగలేదుగా?"

"నువ్వు లోపల జనంతో ఉంటావు కదా, ఫోను మోగితే ఇబ్బందని చేయలేదు. చన్నీళ్లే పోసుకుంటున్నా. ఇవాళ కాస్త ఒళ్లు వెచ్చగా ఉంది, అందుకని..."

నెల రోజులు. చన్నీళ్లు.

"వేసుకోండి" అన్నాను. లోపలికి వెళ్లి మిగతా టూరు ఎలా పూర్తి చేశానో గుర్తు లేదు.

మార్చి 21, శుక్రవారం

మేనేజరు పిలిచి కుర్చీ చూపించాడు. మూడోసారి. ట్రస్టు మనిషి బుధవారమే వచ్చి వెళ్లాడట. పచ్చ తలుపు దగ్గరికి రెండుసార్లు వెళ్లిన ముసలాయన! నేను అప్పుడే మనసులో చెప్పుల స్టాండు దగ్గర ఫ్యాను ఎక్కడ పెట్టించుకోవాలో చూసుకుంటున్నాను. మేనేజరు ఆయన రాసి పంపిన కాగితం చదివాడు.

"లోపలి గదిలో ఫోను మోగింది. అది గైడుదే. ఇలా జరగకుండా చూడాలి. అయితే ఈ గైడును మాత్రం మార్చవద్దు. మా పద్నాలుగు మందిలో ఎవరికీ లోపల ఒక్క మాట చెప్పాల్సిన అవసరం రాలేదు. చెప్పాల్సి వచ్చింది ఆమెకే, అదీ ఆమె నేర్పిన పద్ధతిలోనే చెప్పారు."

మేనేజరు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నేను మాత్రం హుందాగా కూర్చున్నాను. తలుపు దాటాక నవ్వాను.

దారిలో నవ్వు ఆగిపోయింది. ఎవరో తెలియని పద్నాలుగు మందికి నీడ చూసి నిలబెట్టి స్వాగతం చెప్పాను. ఇంటికొచ్చిన మనిషికి పన్నెండు నంబర్ల కాగితం అంటించాను.

ఇంటికెళ్లగానే కాగితం పీకేశాను. అత్తయ్య గది తలుపు తట్టాను. జ్వరం తగ్గింది, సూట్‌కేసు సర్దుకుంటోంది.

"అత్తయ్యా, ఒక్క మూడు నిమిషాలు రండి."

"మళ్లీ రిహార్సలా?"

"కాదు. అసలుదే."

ఆవిడ అనుమానంగా బయటికి వచ్చింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, నేను నిలబడ్డాను. నాకు మాట తడబడింది. పరాయివాళ్ల ముందు ఎప్పుడూ తడబడదు.

"రండత్తయ్యా. రావడం మీరు నెల కిందటే వచ్చారు, నేను పిలవడం ఆలస్యమైంది. గీజరు రేపు మీ అబ్బాయి మార్చేస్తారు, అప్పటిదాకా ఆ ఎర్ర దీపం వెలిగితే చాలు, భయం లేదు, నాకు ఫోనక్కర్లేదు. కొళాయికి వాషరు పోయింది, తప్పు దానిది. టీ పొడి డబ్బా పై అరలో ఉంది, కిందికి దించుతా. మధ్యాహ్నం గాలి ఈ కిటికీలోంచి బాగా వస్తుంది. ఏమైనా అడగాలా?"

టూరిస్టులు ఆ మాటకు మామూలుగా ఫొటోల గురించి అడుగుతారు.

అత్తయ్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "ఇక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చు?"

మందిరం గురించి ఎవరేం అడిగినా నా దగ్గర జవాబు ఉంటుంది. తెలియకపోతే కనుక్కుని చెబుతానంటాను. ఇది ఇంకెవరినో కనుక్కుని చెప్పేది కాదు. ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. "మీ మంచం ఎటువైపు వేస్తే మీకు నిద్ర పడుతుందత్తయ్యా?" అన్నాను.

ఆవిడ వేలికి చుట్టుకున్న కొంగు విప్పింది. "కిటికీ వైపు" అంది.

మార్చి 22, శనివారం

మంచం కిటికీ వైపు జరిపాం. ఇప్పుడు గది తలుపు సగమే తెరుచుకుంటోంది, బీరువా తీయాలంటే మంచం ఎక్కాలి. మా ఆయన నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు.

రెండుసార్లు అనబోయాను.